తెలుగు చిత్తుప్రతి నుంచి ఇంగ్లీషు ఉద్దేశ ప్రకటనకు: అభ్యర్థి గొంతు పోకుండా అనువదించడం

పీజీ కోర్సులకు, ముఖ్యంగా విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసేటప్పుడు అడిగే పత్రాల్లో స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ ఒకటి. ఈ పాఠంలో దాన్ని ఉద్దేశ ప్రకటన అందాం. ఏం చదివారు, ఏ ప్రశ్న మిమ్మల్ని పట్టుకొంది, దాని కోసం ఇంతవరకు ఏం చేశారు, ఈ కోర్సే ఎందుకు అన్న నాలుగు విషయాలను ఒకటి రెండు పేజీల్లో చెప్పే రచన అది. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీన్ని ముందు తెలుగులో రాసుకొని తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవడం మంచి పద్ధతి అని నా అభిప్రాయం. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే మనకు చెప్పాలని ఉన్నది కాక, ఇంగ్లీషులో చెప్పడం వచ్చినదే కాగితం మీదికి వస్తుంది. అయితే తెలుగులో నిజాయితీగా రాసినది కూడా అనువాదంలో మరొకరి మాటగా మారిపోవచ్చు. అది ఎక్కడ, ఎట్లా జరుగుతుందో ఒక నమూనా మీద చూద్దాం.

ఈ నమూనాను పాఠం కోసం కూర్చాను, ఇందులోని అభ్యర్థిని కల్పితం. నేపథ్యం మాత్రం నిజమైనది. బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరుపొందింది. నిజాంసాగర్ కాలువ నీళ్లతో చుట్టుపక్కల పల్లెల్లో చెరకు పెరిగింది. 2002లో కర్మాగారం ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. మన అభ్యర్థిని ఆ ప్రాంతపు అమ్మాయి. దూరవిద్యలో డిగ్రీ చేసి, వ్యవసాయ అర్థశాస్త్రంలో పీజీకి దరఖాస్తు పెడుతోంది. ఆమె చిత్తుప్రతిలోని రెండు పేరాలు ఇవి:

“మాది బోధన్ దగ్గర ఊరు. మా నాయన షుగర్ ఫ్యాక్టరీల ఫిట్టరు. మాకు రెండెకరాల ఇరవై గుంటల భూమి, అందుల చెరుకు. 2015 డిసెంబర్ల ఫ్యాక్టరీ లే ఆఫ్ అయింది. ఆ సీజన్ల చెరుకును దూరం ఫ్యాక్టరీకి పంపినం. నరికిన చెరుకు రెండు రోజులు లారీ మీదనే ఎండింది. తూకంల తగ్గింది. ఆ వే బ్రిడ్జి చీటీ నాయన ఇప్పటికీ దాచిపెట్టుకున్నడు. మరుసటేడు చెరుకు తీసేసినం.

డిగ్రీల ఉన్నప్పుడు ఊర్ల నలభై ఇండ్లు తిరిగి లెక్క రాసినం. చెల్లె తోడున్నది. ముప్పై ఒక్క ఇండ్లు చెరుకు మానేసినయి. కోత కూలోళ్లు దొరుకుతలేరట. పైసలు ఆలస్యంగ వస్తయట. నాయనను అడిగితే ఫ్యాక్టరీ లేకనే అంటడు. ఏది అసలు కారణమో నాకు తెల్వదు. లెక్క రాసుడు వచ్చింది గని, ఆ లెక్కను చదువుడు రాలే. అది నేర్చుకోనీకె ఈ కోర్సు అడుగుతున్న.”

ఆమె తన యాసలోనే రాసింది, అట్లాగే రాయాలి. చిత్తుప్రతిని పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటే అనువాదం మొదలుకాకముందే గొంతు సగం పోతుంది. నిజామాబాద్ యాసకు ఇంగ్లీషులో సాటి యాస లేదు, వెతకవద్దు కూడా. పల్లెటూరి ఇంగ్లీషులాగా ధ్వనించేట్టు రాస్తే అది ఆమె గొంతు కాదు, ఆమెను వెక్కిరించినట్టు. పొట్టి వాక్యాలు, విశేషణాలు లేని మాట, చెప్పిన వరస, ఎంత తెలుసో అంతే చెప్పే పద్ధతి మాత్రం ఇంగ్లీషులోకి వస్తాయి. ఆమె గొంతు ఉన్నది వాటిలోనే.

ఇక్కడి నుంచి ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇస్తాను. బయటికి చదువుతూ చెవితో వినండి. పై రెండు పేరాలను బజారులో దొరికే మూసలో పోస్తే సాధారణంగా ఇట్లా వస్తుంది: “ఎవర్ సిన్స్ మై చైల్డ్‌హుడ్, ఐ హావ్ బీన్ ప్యాషనేట్ ఎబౌట్ ది అప్‌లిఫ్ట్‌మెంట్ ఆఫ్ ఫార్మర్స్. ఐ కండక్టెడ్ ఎ సర్వే అండ్ ఐడెంటిఫైడ్ ది కాజెస్ ఆఫ్ ది డిక్లైన్ ఆఫ్ షుగర్‌కేన్.” వ్యాకరణంలో తప్పు లేదు. చిత్తుప్రతి పక్కన పెట్టి చూస్తే చాలా తేడాలు కనిపిస్తాయి. లారీ లేదు, చీటీ లేదు, నాన్న లేడు. చిన్నప్పటి నుంచి వ్యవసాయం మీద మక్కువ అని ఆమె ఎక్కడా అనలేదు. సర్వే ఒక్కతే చేసిందని అనలేదు. అన్నిటికంటే పెద్ద తేడా చివర ఉంది. కారణమేదో తెలియదని ఆమె రాస్తే, కారణాలు కనిపెట్టానని ఇంగ్లీషు చెబుతోంది. అనువాదకుడు ఆమెను పొగడాలనుకొని అబద్ధమాడించాడు.

ఈ చివరి తేడా దగ్గర కాసేపు ఆగుదాం. తెలియదని చెప్పుకోవడం దరఖాస్తులో బలహీనత అని మనలో చాలామంది భయం. ఉద్యోగ దరఖాస్తుల అలవాటు అది. పరిశోధన వైపు నడిపే పీజీ కోర్సులో ప్రవేశాల సంఘం ముందు వెతికేది ప్రశ్నను. నలభై ఇళ్లు తిరిగి, మూడు కారణాలు విని, వాటిలో ఏది ఎంత పనిచేసిందో తేల్చలేకపోయిన అమ్మాయి దగ్గర సిసలైన ప్రశ్న ఉంది. కూలీల కొరత, చెల్లింపు ఆలస్యం, కర్మాగారం దూరం ఈ మూడూ ఒకే ఇంటిలో ఒకేసారి ఉంటే వేటి ప్రభావాన్ని దేని నుంచి ఎట్లా విడదీయాలి అన్నది అర్థశాస్త్రంలో తరగతుల కొద్దీ నేర్పే విషయం. ఆమెకు ఆ పరిభాష తెలియదు, కాని సమస్య ముందు సరిగ్గా నిలబడింది. కాబట్టి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి: “ఐ డు నాట్ నో విచ్ ఆఫ్ దీజ్ ఈజ్ ది రియల్ కాజ్.” దాని తర్వాతి వాక్యం ఇంకా విలువైనది. “ఐ లర్న్‌డ్ టు కౌంట్, బట్ ఐ హావ్ నాట్ లర్న్‌డ్ టు రీడ్ వాట్ ఐ కౌంటెడ్.” ఇందులో అనువాదకుడు చేర్చిన మాట ఒక్కటీ లేదు.

ఇప్పుడు క్రియల సంగతి. తెలుగులో కర్తను వదిలేసినా క్రియాంతం పని నడిపిస్తుంది. “లెక్క రాసినం” అనగానే మనకు బహువచనం వినిపిస్తుంది, ఎవరెవరో మాత్రం తెలియదు. ఇంగ్లీషు వాక్యం కర్త లేనిదే మొదలుకాదు. “ఐ” అనాలా, “వీ” అనాలా? “ఐ” అంటే చెల్లెలి పని తనదని చెప్పుకొన్నట్టు. వట్టి “వీ” అంటే చదివేవారికి అది కళాశాల ప్రాజెక్టో, ఏదైనా సంస్థ సర్వేయో తెలియదు. పైగా మన ప్రాంతంలో ఒక్కరు చేసిన పనిని కూడా వినయంగా “చేసినం” అనడం ఉంది. దీనికి వ్యాకరణంలో జవాబు దొరకదు, అభ్యర్థిని అడగాలి. మన నమూనాలో అడిగితే ఆమె ఇట్లా చెప్పిందనుకోండి: ప్రశ్నలు తాను రాసింది, ఇళ్లు ఇద్దరూ తిరిగారు, ఆడవాళ్లతో చెల్లె మాట్లాడింది. అప్పుడు అనువాదం ఇది: “ఐ రోట్ ది క్వశ్చన్స్, అండ్ మై కజిన్ అండ్ ఐ టుక్ దెమ్ టు 40 హౌసెస్ ఇన్ అవర్ విలేజ్.” చెల్లె ఎందుకు “కజిన్” అయిందంటే, ఆమె చిన్నాన్న కూతురు. మనకు చిన్నాన్న కూతురు చెల్లెలే. ఇంగ్లీషులో “సిస్టర్” అంటే సొంత చెల్లెలనే అర్థమవుతుంది. అదే దరఖాస్తులో కుటుంబ వివరాల దగ్గర తోబుట్టువులు లేరని ఉంటే చదివేవారికి లేనిపోని అనుమానం.

కొంతమంది విద్యార్థులకు ఈ “ఐ” దగ్గర సంకోచం. నేను, నేను అంటే గొప్పలు పోయినట్టు ఉంటుందంటారు. చేసినది చెప్పడం గొప్పలు కాదు. ఇంగ్లీషు ఉద్దేశ ప్రకటనలో “ఐ” చాలాసార్లు వస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అతిశయం “ఐ”లో కాకుండా దాని తర్వాత వచ్చే క్రియలో ఉంటుంది. “రోట్”, “ఆస్క్‌డ్”, “కౌంటెడ్” వంటి క్రియలు చేసిన పనినే చెబుతాయి. “స్పియర్‌హెడెడ్”, “పయనీర్డ్” వంటివి ఎదురైతే, చిత్తుప్రతిలో దానికి సరిపోయే తెలుగు క్రియ ఉందా అని చూడండి. నాకైతే ఇంతవరకు ఏ విద్యార్థి తెలుగులోనూ కనిపించలేదు.

క్రియకు అతుక్కొని ఉండే మరో చిన్న ముక్క “అట”. “కోత కూలోళ్లు దొరుకుతలేరట” అన్నప్పుడు, ఇది తాను చూసినది కాదు, విన్నది అని ఆమె ఒక్క అక్షరంతో చెప్పేసింది. ఇంగ్లీషు క్రియకు అటువంటి ప్రత్యయం లేదు. అందుకే అనువాదంలో అది ఎక్కువగా జారిపోయి, “దేర్ ఈజ్ ఎ షార్టేజ్ ఆఫ్ హార్వెస్ట్ లేబర్” అని నిర్ధారణగా మారుతుంది. ఆమె అనని నిశ్చయం అది. “సమ్ టోల్డ్ అస్ దే కుడ్ నాట్ ఫైండ్ క్రూస్ టు కట్ ది కేన్, అదర్స్ సెడ్ పేమెంట్స్ కేమ్ లేట్” అంటే విన్న మాట విన్న మాటగానే ఉంటుంది. తండ్రి మాటను విడిగా ఉంచాలి: “మై ఫాదర్ సేస్ ఇట్ ఈజ్ సింప్లీ దట్ ది ఫ్యాక్టరీ ఈజ్ గాన్.” ఇక్కడ “సింప్లీ” తెచ్చింది “లేకనే”లోని “ఏ” కోసం. తెలుగులో ఊనికకు ఒక అచ్చు చాలు. ఇంగ్లీషులో దానికి ఒక మాటో, మాటల వరసలో మార్పో కావాలి.

“లారీ మీదనే ఎండింది” అన్నదాంట్లోనూ ఆ “ఏ” ఉంది. ఆ ఇంటి కష్టమంతా అందులోనే ఉంది, వదలవద్దు. “ఫర్ టూ డేస్ ది కట్ కేన్ లే డ్రైయింగ్, స్టిల్ ఆన్ ది లారీ.” కాలాన్ని ముందుకు తెచ్చి, లారీని చివరకు నెట్టాం. చదివేవారి చూపు లారీ మీద ఆగుతుంది. తెలుగు వాక్యంలో మాటలు ఏడు, ఇంగ్లీషులో పన్నెండు. మన విభక్తులు, ప్రత్యయాలు మాటకు అతుక్కొని ఉంటాయి, ఇంగ్లీషులో విడివిడిగా లెక్కకు వస్తాయి. ప్రకటనకు సాధారణంగా పదాల పరిమితి ఉంటుంది. వెయ్యి పదాలు అడిగితే తెలుగు చిత్తుప్రతి ఆరువందల దగ్గర ఆపడం క్షేమం. లేకపోతే చివర్లో హడావుడిగా కోత పెడతారు. అప్పుడు కోతకు బలయ్యేది ఇట్లాంటి వాక్యమే, మూస వాక్యాలు భద్రంగా ఉంటాయి.

ఆ లారీ వాక్యం ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలి. నరికిన చెరకులోని నీరు ఆవిరవుతూ బరువు తగ్గుతుంది, లోపలి సుక్రోజు గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతూ చక్కెర దిగుబడి కూడా పడిపోతుంది. అందుకే కోసిన ఒక రోజులోపే గానుగకు చేర్చాలంటారు. రైతుకు డబ్బు తూకాన్ని బట్టి వస్తుంది కాబట్టి దారిలో పోయిన బరువు అతని నష్టమే. ఇదంతా వ్యవసాయ అర్థశాస్త్రం చెప్పే ఆచార్యునికి తెలుసు. ఆ ఒక్క వాక్యం చదవగానే, ఈ అమ్మాయి నష్టాన్ని కళ్లారా చూసిందని అతనికి అర్థమవుతుంది. ఇక్కడ “పోస్ట్ హార్వెస్ట్ లాసెస్” అనే పరిభాషను ఆమె నోట పెట్టాలని అనువాదకునికి అనిపించవచ్చు. ఆ మాటను ఆమె ముందే చదివి వివరించగలిగితే సరే. లేకపోతే వద్దు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. వే బ్రిడ్జి చీటీ మాత్రం తప్పక ఉండాలి: “మై ఫాదర్ స్టిల్ కీప్స్ ది వెయ్‌బ్రిడ్జ్ స్లిప్.” ఎందుకు దాచాడో ఆమె చెప్పలేదు, మనమూ చెప్పవద్దు. “యాజ్ ఎ పెయిన్‌ఫుల్ రిమైండర్” అని తగిలిస్తే ఆ చీటీ బరువు సగం తగ్గుతుంది.

తెలుగులో ఇంగ్లీషు మాటలే వాడినచోట పని సులువనుకుంటాం, చిక్కు అక్కడే ఎక్కువ. “లే ఆఫ్ అయింది” అన్న మాట చూడండి. 2015లో అమలులో ఉన్న మన పారిశ్రామిక వివాదాల చట్టం 1947 ప్రకారం లే ఆఫ్ అంటే కార్మికుని పేరు హాజరు పట్టీలో ఉండగానే యజమాని పని ఇవ్వలేకపోవడం. అమెరికాలో “లెయిడ్ ఆఫ్” అంటే మామూలు మాటల్లో ఉద్యోగం పోయినట్టే. తండ్రి ఉద్యోగం పోయిందా, పని లేక పేరు మాత్రం మిగిలిందా? ఆ కుటుంబానికి రెండూ ఒకటి కాదు. పని ఉందో లేదో తేలని స్థితిలో ఇల్లు గడపడం వేరే రకం కష్టం. విదేశీ పాఠకునికి “ది ఫ్యాక్టరీ స్టాప్‌డ్ వర్క్ ఇన్ డిసెంబర్ 2015, మై ఫాదర్స్ నేమ్ స్టేడ్ ఆన్ ది రోల్స్, బట్ దేర్ వాజ్ నో వర్క్” అని విప్పి చెప్పాలి. అయితే పట్టీలో పేరు ఉండిందా లేదా అన్నది ముందు ఆమెను అడిగి తెలుసుకున్నాకే. “సీజన్” కూడా అంతే. చెరకు ప్రాంతంలో ఆ మాటకు అర్థం ఒకటే, గానుగ ఆడే నెలలు. బయటివారికి “క్రషింగ్ సీజన్” అనాలి. ఇరవై గుంటలంటే అర ఎకరం కాబట్టి “టూ అండ్ ఎ హాఫ్ ఏకర్స్” చాలు, గుంట లెక్క వివరించే పని లేదు. “డిగ్రీల ఉన్నప్పుడు” అన్నదాన్ని “వైల్ ఐ వాజ్ ఎన్ అండర్‌గ్రాడ్యుయేట్, స్టడీయింగ్ బై డిస్టెన్స్” అనండి. దూరవిద్య అని చెప్పడానికి జంకవద్దు. ఇంటి పని, పొలం పని చేస్తూ చదివిన సంగతి దానితోనే తెలుస్తుంది.

చిత్తుప్రతుల చివర తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: “దయతో నాకు అవకాశం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను.” మన దరఖాస్తుల సంప్రదాయం అది, తెలుగులో మర్యాద. ఇంగ్లీషులో పెడితే బతిమాలినట్టు ఉంటుంది, తీసేయండి. దాని బదులు “ఐ యామ్ కాన్ఫిడెంట్ దట్ ఐ విల్ బి ఎన్ అసెట్” అని మరో కొసకు పోవద్దు. కోర్సులో ఏ పేపరు తన ప్రశ్నకు పనికొస్తుందో ఒక వాక్యంలో చెప్పడం ఇంగ్లీషులో చాలినంత మర్యాద. దానికి ఆ విశ్వవిద్యాలయం సిలబస్ నిజంగా చదివి ఉండాలి.

ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. కొన్నిచోట్ల ఇది రెండు పత్రాలుగా ఉంటుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉద్దేశ ప్రకటనను, పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్‌ను వేర్వేరుగా అడుగుతుంది. అటువంటిచోట మొదటి పేరాలోని ఇంటి కథ ఎక్కువగా రెండో పత్రానికి పోతుంది, ఉద్దేశ ప్రకటన నలభై ఇళ్ల లెక్కతోనే మొదలవుతుంది. లారీ వాక్యం ఒక్కటి ఇందులోనూ ఉంచుకోవచ్చు.

అనువాదం ఎవరు చేయాలి? ఆ పని అభ్యర్థే చేసుకోవడం ఉత్తమం. చిత్తుప్రతిని ఒక వారం పక్కన పెట్టి తర్వాత కూర్చోవాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన అన్నయ్యో, మేడమో సాయం చేస్తే తప్పులు దిద్దించుకోవచ్చు. కాని రచన దరఖాస్తుదారు సొంతమే అయి ఉండాలని చాలా విశ్వవిద్యాలయాలు నియమం పెడతాయి. ఎంతవరకు సాయం అనుమతిస్తారో దరఖాస్తు సూచనల్లో ముందే చదవండి. ఇంగ్లీషు పరీక్షలో మామూలు మార్కులు వచ్చి, ప్రకటన మాత్రం పత్రికా సంపాదకీయంలా ఉంటే ఆ తేడా చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

గొంతు నిలిచిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. మీ చిత్తుప్రతిని చూడని స్నేహితునికి ఇంగ్లీషు ప్రతి మాత్రమే ఇచ్చి, వాక్యం తర్వాత వాక్యం తెలుగులో చెప్పమనండి. మీరు వింటూ కూర్చోండి. ఎక్కడ “ఇది నేను అనలే” అనిపిస్తే అక్కడ గీత పెట్టండి. మన నమూనాకు మొదట చూసిన మూస అనువాదాన్ని ఇట్లా చదివిస్తే మొదటి వాక్యం దగ్గరే గీత పడుతుంది. రెండో రకం గీత కూడా కావాలి: మీరు అన్నది, స్నేహితుని నోట రానిది. చీటీ, చెల్లె, “తెల్వదు” వంటివి పోయినప్పుడు మొదటి పరీక్ష వాటిని పట్టుకోదు, అందుకని చివర్లో చిత్తుప్రతిని పక్కన పెట్టి ఒకసారి సరిచూడండి. వచ్చిన గీతల్లో కొన్ని కేవలం శైలివి, వాటిని వదిలేయవచ్చు. ఎవరు చేశారు, ఎట్లా తెలిసింది, ఎంత నమ్మకంగా చెప్పారు అన్న మూడింటిలో తేడా వచ్చిన గీతలను మాత్రం తప్పక దిద్దాలి.

అభ్యాసం: ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చండి. “మా అక్కోళ్ల ఊర్ల సుత చెరుకు తీసి వరి పెట్టిండ్రట, నీళ్లున్నయని.” మొదలుపెట్టే ముందు, ఈ వాక్యం రాసిన మనిషిని మీరు అడగవలసిన ప్రశ్నలు ఏమిటో కాగితం మీద రాసుకోండి. కనీసం మూడు వస్తాయి.